ఎక్కడా నిలవని శ్రేణి ఫ్యాక్టోరియల్‌ను అంత కచ్చితంగా ఎలా చెబుతుంది?

క్లుప్తంగా: ఫ్యాక్టోరియల్ విలువ కట్టడానికి వాడే స్టిర్లింగ్ శ్రేణి అపసరణ శ్రేణి. n! లెక్కలో n ఎంత పెద్దదైనా సరే, పదాలు కలుపుతూనే పోతే ఏదో ఒక దశలో మొత్తం అదుపు తప్పుతుంది. అయినా మొదటి రెండు మూడు పదాలకే చాలా అంకెల వరకు సరైన జవాబు వస్తుంది. ఎక్కడ ఆపినా, మిగిలే తేడా మనం వదిలేసిన మొదటి పదాన్ని దాటదు. పదాలు పెరగడం మొదలుపెట్టేలోపు ఎంతో చిన్నవైపోతాయి కూడా. ఒక విలువ దగ్గర స్థిరపడే అభిసరణ శ్రేణి ఇచ్చే హామీ వేరు, ఈ శ్రేణి ఇచ్చే హామీ వేరు.

## ముందు లెక్క చూద్దాం

10! అంటే 1 నుంచి 10 వరకు సంఖ్యలన్నిటి లబ్ధం, 36,28,800. ఇంత చిన్న సంఖ్యకు సూత్రం అక్కర్లేదు. అసలు జవాబు తెలిసినప్పుడే సూత్రం ఎంత దగ్గరకు వస్తుందో కొలవగలం కాబట్టి దీన్నే తీసుకుందాం.

గుణకారాన్ని కూడికగా మార్చడానికి ఫ్యాక్టోరియల్‌కు లాగరిథమ్ తీసుకుంటారు. అప్పుడు స్టిర్లింగ్ శ్రేణి ఇలా ఉంటుంది:

```
ln n! ~ n ln n - n + ½ ln(2πn)
        + 1/(12n) - 1/(360n³) + 1/(1260n⁵) - 1/(1680n⁷) + ...
```

మొదటి వరుసలో ఉన్నది అందరికీ తెలిసిన స్టిర్లింగ్ సూత్రం. రెండో వరుస దానికి దిద్దుబాటు. ఈ వ్యాసంలో శ్రేణి అన్నా, పదాలు అన్నా ఆ రెండో వరుసే.

n = 10 పెడితే మొదటి వరుస ఒక్కటే సుమారు 35,98,696 ఇస్తుంది. దాదాపు 30 వేలు తక్కువ. ఒక్క పదం, అంటే 1/120, కలపగానే జవాబు 36,28,810కి వస్తుంది. తేడా 10. రెండో పదం కూడా కలిపితే 36,28,799.971. మూడోది కలిపాక 36,28,800.0002. మూడు పదాలకే తేడా వెయ్యో వంతు కన్నా తగ్గిపోయింది.

ఇదే ఊపులో పదాలు కలుపుతూ పోతే ఇంకా కచ్చితంగా వస్తుందని ఎవరైనా అనుకుంటారు. ముప్ఫయ్యో పదం దాకా ఆ అంచనా నిజమే. ఆ తర్వాత పదాలు మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. ఈ శ్రేణిలో వందో పదం విలువ సుమారు 90 వేల కోట్లు. కట్టాల్సిన ln 10! విలువేమో 15.1 మాత్రమే.

ఈ విషయం కొత్తగా బయటపడిందేమీ కాదు. గణితవేత్తలు స్టిర్లింగ్, డి మోవర్ ఇద్దరూ ఈ శ్రేణి రూపాలను 1730లో ప్రచురించారు. పదాలు ఎప్పటికైనా పెరిగిపోతాయని థామస్ బేయస్ రాసిన లేఖ 1763లో అచ్చయింది. సంభావ్యతలో బేయస్ సిద్ధాంతం ఎవరి పేరు మీద ఉందో ఆయనే. ఇలాంటి శ్రేణులకు పక్కా నిర్వచనం మాత్రం 1886లో గాని రాలేదు. అది ఫ్రెంచ్ గణితవేత్త ప్వాంకరే ఇచ్చింది. మధ్యలో ఉన్న శతాబ్దం పైచిలుకు కాలం శ్రేణిని వాడుతూనే ఉన్నారు, జవాబులు సరిగానే వస్తూ ఉన్నాయి.

## n = 1 దగ్గర అంతా కళ్ల ముందే జరుగుతుంది

n = 10 దగ్గర శ్రేణి ఎదురు తిరగడం చూడాలంటే ముప్ఫై పదాలు దాటాలి. n = 1 అయితే నాలుగు పదాలు చాలు. 1! = 1 కాబట్టి ln 1! = 0. అంటే మొత్తం సున్నాకు ఎంత దూరంలో ఉంటే తేడా అంత.

```
పదాలు    చివరి పదం      మొత్తం
  0          -        -0.0810615
  1     +0.0833333    +0.0022719
  2     -0.0027778    -0.0005059
  3     +0.0007937    +0.0002877
  4     -0.0005952    -0.0003075
  5     +0.0008418    +0.0005343
  6     -0.0019175    -0.0013833
  7     +0.0064103    +0.0050270
  8     -0.0295507    -0.0245237
  9     +0.1796444    +0.1551207
 10     -1.3924322    -1.2373115
```

మధ్య నిలువు వరుస పై నుంచి కిందికి చదివితే కథంతా అందులోనే ఉంది. పదాలు నాలుగోదాకా తగ్గాయి. అయిదో పదం నుంచి ఎక్కడం మొదలు. మూడు పదాల దగ్గర ఆపితే 1! విలువ 1.00029 అని వస్తుంది. పది పదాలు కలిపితే 0.29 వస్తుంది. ఎక్కువ కష్టపడినవాడికే తప్పు జవాబు దక్కుతుందన్నమాట.

మూడో నిలువు వరుసలో ఇంకో సంగతి ఉంది. మొత్తం ప్రతిసారీ సున్నాకు ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుతోంది. అంటే అసలు జవాబు ఎప్పుడూ పక్కపక్క మొత్తాల మధ్యే ఉంటోంది. తేడా పెరిగిపోయిన పదో వరుస దగ్గర కూడా ఇది తప్పలేదు. ఇది యాదృచ్ఛికం కాదు. ఎందుకో కాస్త ముందుకెళ్లాక తెలుస్తుంది.

## రెండు వేర్వేరు ప్రశ్నలు

గందరగోళానికి మూలం ఒకే మాటను రెండు అర్థాల్లో వాడటం. శ్రేణి జవాబుకు ‘దగ్గరవుతుంది’ అన్నప్పుడు ఏది కదులుతోంది, ఏది కదలకుండా ఉంది అన్నది అడగాలి.

అభిసరణలో n కదలదు. n = 10 అని పెట్టుకుని పదాల సంఖ్యను అనంతం వైపు నడిపిస్తారు. మొత్తం ఒక విలువ దగ్గర స్థిరపడుతుందా అన్నది ప్రశ్న. స్టిర్లింగ్ శ్రేణి విషయంలో ఏ n తీసుకున్నా జవాబు ‘కాదు’.

అసింప్టోటిక్ శ్రేణిలో పదాల సంఖ్య కదలదు. రెండే పదాలు అని నిర్ణయించుకుని n ను పెంచుతారు. తేడా ఎంత వేగంగా తగ్గుతుందన్నది ప్రశ్న. రెండు పదాల దగ్గర ఆపితే తేడా సుమారు 1/(1260n⁵). n పదింతలైతే తేడా లక్ష వంతులు తగ్గుతుంది. దీనికి జవాబు ఎప్పుడూ ‘అవును’.

ఒక ప్రశ్నకు వచ్చిన జవాబు రెండో ప్రశ్నకు వర్తించదు. లెక్క కట్టేవాడి చేతిలో మాత్రం ఎప్పుడూ ఒక నిర్దిష్టమైన n, నాలుగైదు పదాలే ఉంటాయి. అనంత పదాలను ఎవరూ కలపరు. అందువల్ల ఆచరణలో అభిసరణ హామీ కన్నా రెండో హామీయే ఎక్కువగా పనికొస్తుంది.

## పదాలు ఎందుకు ఎదురు తిరుగుతాయి

దిద్దుబాటు మొత్తాన్ని, అంటే ln n! కీ పైన చెప్పిన మొదటి వరుసకూ మధ్య ఉన్న తేడాను, ఒక సమాకలనిగా రాయవచ్చు. దీన్ని బినే సూత్రం అంటారు:

```
D(n) = 2 ∫ (0 నుంచి ∞)  arctan(t/n) / (e^(2πt) - 1)  dt
```

ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన సమానత్వం. ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి arctan, అంటే టాన్ ఇన్వర్స్. రెండోది హారంలో ఉన్న ఘాతాంక ప్రమేయం. t పెరిగే కొద్దీ హారం విపరీతంగా పెరిగి, దూరంగా ఉన్న t విలువల ప్రభావాన్ని నొక్కేస్తుంది. t = 1 దగ్గరే దాని విలువ 534 దాటుతుంది. t = 10 దగ్గర 27 సున్నాల పైమాటే.

స్టిర్లింగ్ శ్రేణి రావాలంటే ఇక్కడ టాన్ ఇన్వర్స్‌ను విప్పాలి:

```
arctan x = x - x³/3 + x⁵/5 - x⁷/7 + ...     (x = t/n)
```

ఒక్కో పదాన్ని విడివిడిగా సమాకలనం చేస్తే మొదటిది 1/(12n), రెండోది -1/(360n³) అవుతాయి. శ్రేణి అలాగే పుట్టింది. పొరపాటు కూడా సరిగ్గా ఇక్కడే జరిగింది. టాన్ ఇన్వర్స్ శ్రేణి x విలువ 1 దాటితే పనిచేయదు. అంటే t విలువ n లోపు ఉన్నంతవరకే అది చెల్లుతుంది. మనం మాత్రం సమాకలనాన్ని అనంతం దాకా లాగాం. n కు ఇవతల న్యాయమైన విస్తరణ, అవతల అక్రమమైనది.

అక్రమం జరిగినా జవాబు ఎందుకు చెడలేదు? n కు అవతల ఉన్న భాగానికి ఆ హారం విధించే కోత e^(-2πn) స్థాయిలో ఉంటుంది కాబట్టి. n = 10 అయితే అది దశాంశ బిందువు తర్వాత 27 సున్నాలు దాటాక గాని కనిపించదు. మన తప్పంతా అక్కడ దాక్కుని ఉంది.

అయితే అన్ని పదాలూ ఆ కోతకు ఒకేలా లొంగవు. k-వ పదంలో t కు ఘాతం 2k-1. ఘాతం పెరిగే కొద్దీ దూరపు t విలువలకు బలం వస్తుంది. t పైకి లాగుతుంటే హారం కిందికి నొక్కుతుంది. ఈ రెండిటి మధ్య ఆ పదం బరువంతా సుమారు t = (2k-1)/2π దగ్గర పోగవుతుంది.

n = 1 పట్టికకు దీన్ని అన్వయిస్తే, మూడో పదం బరువు t = 0.80 దగ్గర ఉంది, అంటే 1 కి ఇవతలే. నాలుగో పదానిది 1.11, అప్పుడే గీత దాటింది. ఏడో పదానిది 2.07, పూర్తిగా అవతలి వైపు. పట్టికలో పదాలు తగ్గడం ఆగి పెరగడం మొదలైన చోటు ఇదే. తొలి పదాలు శ్రేణి చెల్లే ప్రాంతం నుంచి విలువ తెచ్చుకుంటాయి కాబట్టి నిజం చెబుతాయి. తర్వాతి పదాలు చెల్లని ప్రాంతం నుంచి తెచ్చుకుంటాయి.

అదే లెక్కన, బరువు n దగ్గరకు వచ్చేది k విలువ πn కు అటూఇటూ ఉన్నప్పుడు. n = 10 కు 31వ పదం దరిదాపుల్లో. అక్కడ పదం పరిమాణం సుమారు 5 × 10⁻²⁹. పదాలు నేరుగా కలిపి చేరగల కచ్చితత్వానికి ఇదే అడుగు. n ఒక్కటి పెరిగితే ఆ అడుగు సుమారు 2.7 దశాంశ స్థానాలు కిందికి దిగుతుంది.

## వదిలేసిన పదమే హద్దు

ఇంతవరకు చెప్పింది శ్రేణి ఎందుకు బాగా పనిచేస్తుందన్న దానికి వివరణ. దాన్ని నమ్మి వాడాలంటే ఎంత తప్పుందో కూడా తెలియాలి. దానికి ఆధారం బడిలో నేర్చుకునే గుణశ్రేఢి మొత్తమే:

```
1/(1+x²) = 1 - x² + x⁴ - ... ± x^(2m)/(1+x²)
```

పదాలను పరిమితంగా తీసుకుని మిగతాదాన్ని చివర శేషంగా ఉంచితే, ఈ సమానత్వం x ఎంతైనా చెల్లుతుంది. 1 లోపే ఉండాలన్న నియమం అనంత శ్రేణికి మాత్రమే. శేషంలోని హారం 1 కన్నా తక్కువ కాదు కాబట్టి, శేషం గుర్తు తర్వాతి పదం గుర్తే, పరిమాణం దానికన్నా తక్కువ. రెండు వైపులా సమాకలనం చేస్తే టాన్ ఇన్వర్స్‌కూ ఇదే వర్తిస్తుంది.

శ్రేణి అస్సలు చెల్లని x = 3 దగ్గరే దీన్ని పరీక్షించి చూడవచ్చు. టాన్ ఇన్వర్స్ అసలు విలువ 1.249. ఒక పదంతో 3 వస్తుంది, దిద్దాల్సింది -1.751, వదిలేసిన పదం -9. రెండు పదాలతో -6 వస్తుంది, దిద్దాల్సింది 7.249, వదిలేసిన పదం 48.6. అంచనాలు ఘోరంగా ఉన్నాయి, హద్దు మాత్రం రెండుసార్లూ నిలబడింది.

హారంలోని ఘాతాంక ప్రమేయం ఎప్పుడూ ధనాత్మకమే కాబట్టి బినే సమాకలనిలోకి వెళ్లినా ఈ నియమం చెదరదు. ఫలితంగా n ధన సంఖ్య అయితే చాలు, స్టిర్లింగ్ శ్రేణిని ఎక్కడ ఆపినా తేడా మొదట వదిలేసిన పదం కన్నా తక్కువ, గుర్తు దానిదే. n = 1 పట్టికలో మొత్తాలు సున్నాకు అటూ ఇటూ పడటానికి కారణం ఇదే. శ్రేణి అపసరించడం ఈ నియమాన్ని రద్దు చేయదు. హద్దును పనికిరానంత పెద్దది చేస్తుంది, అంతే.

## అభిసరణ శ్రేణితో పక్కపక్కన

ఇదే D(n) కు అభిసరణ శ్రేణి కూడా ఉంది. హారాల్లో ఘాతాలకు బదులు వరుస సంఖ్యల లబ్ధాలు ఉంటాయి:

```
D(n) = 1/(12(n+1)) + 1/(12(n+1)(n+2))
       + 59/(360(n+1)(n+2)(n+3))
       + 29/(60(n+1)(n+2)(n+3)(n+4)) + ...
```

ఇది నిజంగా జవాబుకు చేరుతుంది. ఓపిక ఉంటే n = 1 దగ్గర కూడా ఎన్ని అంకెలు కావాలంటే అన్ని ఇస్తుంది. స్టిర్లింగ్ శ్రేణి ఆ పని ఎన్నటికీ చేయలేదు.

ఇక n = 10 దగ్గర పోటీ పెడదాం. D(10) అసలు విలువ 0.00833056. అభిసరణ శ్రేణిలో నాలుగు పదాలు కలిపితే 0.00832270 వస్తుంది, తేడా 0.0000079. స్టిర్లింగ్ శ్రేణిలో ఒక్క పదం 0.00833333, తేడా 0.0000028. నాలుగు పదాల అభిసరణ శ్రేణిని ఒక్క పదం ఓడించింది. రెండో పదం కలిపితే తేడా 0.000000008కి పడిపోతుంది, అంటే ఆ నాలుగు పదాల అభిసరణ శ్రేణి కన్నా దాదాపు వెయ్యి రెట్లు మెరుగు.

కారణం కూడా కంటికి కనబడుతుంది. అభిసరణ శ్రేణి మొదటి పదమే 1/132, జవాబుకు చాలా తక్కువ. ఆ లోటును తర్వాతి పదాలు కొంచెం కొంచెంగా పూడ్చుకుంటూ రావాలి. అన్ని పదాలూ ధనాత్మకమే కాబట్టి ఎప్పుడూ కిందినుంచే వస్తుంది. తేడా ఇంతకు మించదని చెప్పడానికి స్టిర్లింగ్ శ్రేణిలో లాగా తర్వాతి పదాన్ని చూస్తే సరిపోదు. మిగిలిన పదాలన్నీ కలిసి ఎంతవుతాయో అంచనా వేయాలి.

అభిసరణ అన్న ముద్ర వేగానికి హామీ కాదనడానికి ఇంకా మొండి ఉదాహరణ e^(-20). దాని టేలర్ శ్రేణి ఏ x కైనా అభిసరిస్తుంది, సందేహం లేదు. కానీ x = -20 దగ్గర మధ్య పదాలు 4.3 కోట్ల దాకా ఎక్కి, ధన రుణాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, చివరకు 0.000000002 మిగలాలి. పదహారు అంకెలతో లెక్క కట్టే కంప్యూటర్‌లో ఆ పెద్ద పదాలను అన్ని అంకెలకే కుదించడంలో వచ్చే దోషమే అసలు జవాబు స్థాయిలో ఉంటుంది. సిద్ధాంతంలో అభిసరణ, తెరమీద చెత్త.

## ఎక్కడ ఆపాలి, n చిన్నదైతే ఏం చేయాలి

ఆపాల్సిన చోటు పదాలే చెబుతాయి. పరిమాణం తగ్గుతున్నంతసేపు కలపాలి, పెరగబోతుంటే ఆపాలి. నిజానికి అంతదూరం వెళ్లే అవసరం అరుదు. కావాల్సిన కచ్చితత్వానికన్నా తర్వాతి పదం చిన్నదైతే అక్కడితో సరి.

అతి చిన్న పదం దగ్గరకు వచ్చాక ఒక చిన్న ఉపాయం కూడా ఉంది. అక్కడ పక్కపక్క పదాలు ఇంచుమించు సమానంగా ఉండి గుర్తులు మారుతుంటాయి కాబట్టి, జవాబు రెండు మొత్తాలకూ దాదాపు మధ్యలో ఉంటుంది. n = 1 పట్టికలో మూడు పదాల మొత్తానికి నాలుగో పదంలో సగం కలిపితే -0.0000099 వస్తుంది. తేడా ఒక్కసారిగా సుమారు 30 వంతులు తగ్గింది.

n మరీ చిన్నదైతే మాత్రం ఈ ఉపాయాలు చాలవు. గామా ప్రమేయం ద్వారా ఫ్యాక్టోరియల్‌ను భిన్నాలకూ విస్తరిస్తారు, ½! అసలు విలువ √π/2, అంటే 0.886227. n = ½ దగ్గర శ్రేణి పదాల పరిమాణాలు 0.1667, 0.0222, 0.0254 అని నడుస్తాయి. మూడో పదానికే పెరుగుదల మొదలు. రెండు పదాలతో 0.8783 దగ్గర ఆగిపోతాం, ఒక శాతం దాకా తప్పు.

కానీ ఫ్యాక్టోరియల్‌కు శ్రేణితో సంబంధం లేని ఒక గుణం ఉంది: n! = n × (n-1)!. దాన్ని పదిసార్లు వాడితే

```
½! = 10.5! / (1.5 × 2.5 × 3.5 × ... × 10.5)
```

ఇప్పుడు శ్రేణిని ½ దగ్గర కాకుండా 10.5 దగ్గర వాడవచ్చు. అక్కడ రెండు పదాల తర్వాత వదిలేసే పదం 0.0000000062 మాత్రమే, తేడా అంతకన్నా తక్కువ. పది సంఖ్యలతో భాగించడం కచ్చితమైన పని కాబట్టి శ్రేణి తరఫున కొత్త దోషమేదీ చేరదు. అవే రెండు పదాలు, వచ్చే జవాబు 0.88622692.